ఆధారం పక్కన అంకె

నేను కూర్చిన గళ్ళ నుడికట్టులో తప్పు పట్టిన మనిషి ఇప్పటికి ఒక్కరే. ఆవిడకు యాభై ఎనిమిదేళ్ళు నిండేదాకా అక్షరం ముక్క రాదు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన రాయడానికి నాకు కొంచెం కష్టంగానే ఉంది, కానీ రాయకపోతే తక్కినదంతా అబద్ధమవుతుంది.

మాది గుంటూరు వైపు. బ్యాంకు ఉద్యోగం నన్ను కలకత్తా తెచ్చి పడేసింది, రిటైరయ్యాక సాల్ట్ లేక్‌లోనే ఉండిపోయాను. ఇక్కడి తెలుగు సంఘం రెండు నెలలకోసారి చిన్న పత్రిక వేస్తుంది. ముప్ఫై రెండు పేజీలు, చివరి పేజీలో నా గళ్ళు. చాలామంది పత్రికను వెనక నుంచి తెరుస్తారని నాకు తెలుసు. ముందు పేజీలో సంపాదకీయం రాసే మాస్టారికి కూడా తెలుసు, ఆయన ఒప్పుకోరు అంతే. ఆయన గోదావరి జిల్లా మనిషి, ఇక్కడి కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. లెక్కలు చెప్పిన మనిషి తెలుగు పత్రిక నడపడమేమిటి, బ్యాంకులో పనిచేసిన మనిషి నుడికట్టు కూర్చడమేమిటి అని మా ఆయన ఆటపట్టిస్తుంటారు. లెక్క తెలిసినవాళ్ళే చేయాల్సిన పని ఇది అని నా జవాబు.

నిజంగానే ఇదంతా లెక్కే. ఏడు నిలువు వరసలు, ఏడు అడ్డ వరసలు. ముందు ఒక పొడుగాటి మాటను అడ్డంగా పడుకోబెడతాను. దాని అక్షరాల మీద నుంచి నిలువు మాటల్ని దింపుతాను. మాట తట్టగానే ఎడమచేతి వేలి కణుపుల మీద బొటనవేలు నడుస్తుంది. పుస్తకం: పు, స్త, కం, మూడు. వంటగది: వం, ట, గ, ది, నాలుగు. ఒత్తు ఎంత పెద్దదైనా పై అక్షరంతో కలిసే ఉంటుంది, సున్న తన ముందున్న అక్షరాన్ని వదలదు. స్త్రీ ఒకే గడి. చివర పొల్లు వచ్చే ఇంగ్లీషు మాటల్ని మాత్రం నా గళ్ళలోకి రానివ్వను. బస్సు అంటే రెండు గళ్ళు, ఎవరికీ పేచీ లేదు. బస్ అంటే ఆ పొల్లుకు వేరే గడి ఇవ్వాలా వద్దా అని ఆదివారం సాయంత్రమంతా పోట్లాడుకునేవాళ్ళు మా సంఘంలో ఉన్నారు.

పేజీలు కూర్చే బెంగాలీ ఆయనకు తెలుగు రాదు. మొదటిసారి నా గళ్ళు చూసి ఫోన్ చేశాడు. "దిదీ, ఈ ఒక్క గడిలో ఆరు ఉన్నాయంటోంది కంప్యూటర్" అన్నాడు. స్త్రీ గురించి. సకారం, దాని కింద కలుపు, తకారం, మళ్ళీ కలుపు, రకారం, గుడిదీర్ఘం, ఇలా యంత్రం ముక్కలు ముక్కలుగా లెక్కపెట్టింది. నోటితో ఒక్కసారిగా పలికేదాన్ని ఆరు అనేదానికి అక్షరాల గురించి ఏం తెలుస్తుంది, నేను ఎన్ని అంటే అన్ని అని చెప్పాను. అప్పటి నుంచి అతను అడగలేదు.

మాట కుదిరాక ఆధారం రాయాలి. ఆధారం అంటే ఆ మాటను చెప్పకుండా చెప్పే ఒక వాక్యం. మాది మామూలు నుడికట్టు, తికమకలు పెట్టను, ఇక్కడ పుట్టిపెరిగిన పిల్లలు కూడా ఆడాలి కదా. ఆధారం చివర బ్రాకెట్లో అంకె వేస్తాను, జవాబులో ఎన్ని అక్షరాలుంటాయో చెప్పడానికి. గళ్ళు చూస్తే తెలిసిపోయేదానికి మళ్ళీ అంకె దేనికని మాస్టారు ఒకసారి తీసేయబోయారు. తీయనివ్వలేదు. ఆ అంకె కూర్చేవాళ్ళు ఇచ్చే మాట అని గట్టిగా చెప్పాను. అలా అన్నందుకు తరువాత నేనే సమాధానం చెప్పుకోవాల్సి వస్తుందని అప్పుడు అనుకోలేదు.

నింపినవాళ్ళు ఆ పేజీని కత్తిరించి, కింద పేరు, ఉండే చోటు రాసి, సంఘం గదిలో బల్ల మీద ఉండే అట్టపెట్టెలో వేస్తారు. అన్నీ సరిగా నింపినవారి పేర్లు తరువాతి సంచికలో అచ్చవుతాయి. బహుమతి అంటే అదే, పేరు. అచ్చుకు వెళ్ళే ముందు ఆదివారం ఆ జాబితాను గది గోడకు అంటిస్తాను.

దిద్దడానికి నాకో పద్ధతి ఉంది. గళ్ళ కొలతకు అట్టముక్క కోసి, కొన్ని గళ్ళకు మాత్రం కిటికీలు పెడతాను. అడ్డం మాట, నిలువు మాట కలుసుకునే గళ్ళకు కిటికీ అక్కర్లేదు, అక్కడ రెండు మాటలు ఒకదాన్నొకటి కాపలా కాస్తాయి. ఒకే మాటకు చెందిన ఒంటరి గళ్ళలోనే తప్పులు దాక్కుంటాయి. వాటికి కిటికీలు కోసి, ఒక్కో కిటికీ పక్కన ఉండాల్సిన అక్షరం రాసుకుంటాను. అట్ట పెట్టడం, చూడటం, తేడా ఉంటే ఎర్ర గీత కొట్టడం. మాటల్ని చదవాల్సిన పనే లేదు. పెట్టెడు కాగితాలు కాఫీ చల్లారేలోపు అయిపోయేవి. దాన్ని కనిపెట్టినందుకు నా భుజం నేనే తట్టుకునేదాన్ని.

ఆ కాగితాల్లో ఒకటి ప్రతిసారీ హౌరా అవతలి టికియాపారా నుంచి వచ్చేది. అక్షరాలు పెన్సిలుతో, లావుగా, ఒక్కోటీ గడి నిండా కూర్చుని ఉండేవి. తమాషా ఏమిటంటే, కింద పేరు రాసే చోట కూడా ఆ మనిషి స్కేలుతో నాలుగు గళ్ళు గీసుకుని, గడికొక అక్షరం చొప్పున పేరు రాసేది. పేరుకు గళ్ళెవరు గీయమన్నారు అని నవ్వుకునేదాన్ని. ప్రతిసారీ ఆ కాగితంలో అన్నీ ఒప్పులే, ఒక్కటి తప్ప. ఏడాదిగా అదే వరస. ఒక్క తప్పుతో జాబితాలో చోటు పోయేది. పాపం అనుకుని ఎర్ర గీత కొట్టి, కాగితాన్ని బిస్కెట్ల డబ్బాలో పడేసేదాన్ని.

పోయిన చలికాలం సంఘం ఒక నిర్ణయం తీసుకుంది. ఇకపై పత్రిక అచ్చు వేయరు, ఫోన్లకు పంపుతారు. రాబోయేదే చివరి అచ్చు సంచిక. గళ్ళు ఫోనులో ఎలా నింపుతారంటే, అది తరువాత చూద్దాం అన్నారు మాస్టారు. పేజీలు ప్రెస్సుకు వెళ్ళిపోయాయి. సోమవారం అచ్చు ప్లేట్లు చేస్తారు, ఆపైన ఒక్క అక్షరం మార్చలేం. ముందు రోజు మధ్యాహ్నం జాబితా గోడకు అంటించి, సంఘం గదిలో కూర్చుని టీ తాగుతున్నాను.

అప్పుడు వచ్చిందావిడ. చెప్పులు గుమ్మం బయటే వదిలింది. చేతిలో మడతపెట్టిన ప్లాస్టిక్ కవరు. అరవై దాటి ఉంటాయి, మనిషి సన్నగా, నిటారుగా ఉంది. ఎవరినీ పలకరించకుండా నేరుగా గోడ దగ్గరికి వెళ్ళి, జాబితాలో పేర్లన్నీ వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే చదువుకుంది. కింది దాకా వచ్చి, మళ్ళీ పైనుంచి మొదలుపెట్టింది. రెండోసారి కూడా అయ్యాక నా వైపు తిరిగింది.

"గళ్ళు రాసేది మీరేనేటమ్మా?"

"నేనే."

"నా పేరు నేదు."

పేరు చెప్పింది. నాలుగు గళ్ళ పేరు. ఓహో మీరేనా అన్నాను. కూర్చోమంటే కూర్చోలేదు.

"నా తప్పేటో సూపించండి. ఎర్రగీత కొట్టీసుంటారు. ఏటి తప్పో తెలుసుకుని ఎల్లిపోతాను."

నేను తప్పు చూపించడానికి వెనకాడే మనిషిని కాను. డబ్బా తెచ్చి, ఆవిడ కాగితం తీసి, దాని మీద అట్ట పెట్టాను. కిటికీలో స ఉండాల్సిన చోట గం కనిపిస్తోంది. ఆ పక్క కిటికీలో జ్జ ఉండాల్సిన చోట టె. వేలితో చూపించి, ఇక్కడ స ఉండాలమ్మా, మీరు గం రాశారు అన్నాను.

"అట్ట తీయండి ఓపాలి."

తీశాను. ఆ మాటను మొత్తంగా చూడటం అదే మొదటిసారి. గంటెలు.

"జొన్నకు చెల్లెలు లాంటిది, బూడిద రంగు గింజ, రొట్టెకు బాగుంటుంది అనీసి రాసినారు" అంది ఆవిడ. నా ఆధారాన్ని కంఠతా పట్టేసింది. "పక్కన మూడు అనీసి ఏసినారు. గంటెలు కాక మరేటి?"

"సజ్జలు."

"సజ్జలంటే ఏటమ్మా?"

నేను చెప్పాను. కంకి పొడుగ్గా ఉంటుంది, గింజ చిన్నది, చలికాలంలో రొట్టెలు చేసుకుంటారు, అంబలీ కాస్తారు. చెబుతూ ఉండగానే ఆవిడ మొహంలో నవ్వు మొదలైంది. ఆ నవ్వు చూసి నా నోరు నెమ్మదించింది.

"అయే గంటెలమ్మా" అంది. "మా అయ్య శ్రీకాకుళంలో మెట్టలో అయే పండించేవోడు."

ఇక్కడ నిజం చెప్పాలి. నాకు సంతోషం కలగలేదు, ఒళ్ళు మండింది. గంటెలు అన్న మాట నేను వినకపోలేదు, కానీ అది నా నోటి మాట కాదు. ఇన్నేళ్ళలో నా పేజీలో ఒక్క సవరణ అచ్చు కాలేదని నలుగురి ముందు చెప్పుకునేదాన్ని. అందుకని బింకంగా, పత్రికలో అందరికీ తెలిసిన మాటలే వాడాలమ్మా, మీరు ఎవరినైనా అడిగి ఉండాల్సింది అన్నాను.

ఆవిడ కోపం తెచ్చుకోలేదు. బల్లకు అవతల కుర్చీ లాక్కుని, అప్పుడు కూర్చుంది.

"అడుగుతానమ్మా. అడక్కుండా ఎలగ? మొన్నోపాలి పందిరికి పాకే కాయ, పులుసులో ఏస్తారు, నాలుగు అచ్చరాలు అన్నారు. నేను ఆనపకాయ అనుకున్నాను. లెక్కెడితే అయిదు." వేళ్ళు మడిచి చూపించింది. ఆ, న, ప, కా, య. "నా మాట అయిదు, మీకు నాలుగు కావాల. అంటే మీ మాట ఏరేది. అలగైతే అడగాల. రైల్వే క్వార్టర్లలో ఇల్లిల్లూ తిరిగినాను, నాలుగు అచ్చరాల ఆనపకాయ ఏటమ్మా అనీసి. బెజవాడ నుంచి కొత్తగా ఒచ్చిన గార్డు గారి భార్య సెప్పింది సొరకాయ అనీసి. రాసినాను. ఒప్పయింది కాదేటి?"

అయింది. నాకు గుర్తుంది.

"గంటెలకి అడగాలని నాకెలగ తెలుస్తాది? మీరు మూడు అన్నారు. నాకు మూడు ఒచ్చినాయి. కింద లు కలవాల, కలిసింది. మీ అంకెను నమ్మీసినాను."

ఆ అడ్డం మాట చివరి గడి మీదుగా నిలువుగా గొలుసు దిగుతుంది, గొ, లు, సు. సజ్జలు అన్నా గంటెలు అన్నా అక్కడ లు పడుతుంది. కాపలా కాయాల్సిన ఆ ఒక్క గడీ రెండు మాటలనూ లోపలికి రానిచ్చింది. నా అంకె ఇద్దరికీ సరిపోయింది. నా ఆధారం ఇద్దరికీ సరిపోయింది. ఒక ఆధారానికి, ఒక అంకెకు, ఒక కలిసే అక్షరానికి రెండు మాటలు సరిపోతే అది నింపినవాళ్ళ తప్పు కాదు. కూర్చినవాళ్ళ తప్పు. ఈ నియమం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు, కొత్తగా నేర్చుకునేవాళ్ళకు నేనే చెబుతుంటాను.

బింకం దిగడానికి కాస్త సమయం పట్టింది. ఈలోగా ఆవిడకు టీ పోశాను. డబ్బా బోర్లించి, ఆవిడ పాత కాగితాలన్నీ ఏరి, ఈసారి అట్ట లేకుండా చదివాను. ఒకదానిలో ఆధారం, తోబుట్టువుల్లో నాకన్నా పెద్దది, రెండు. నేను కావాలనుకున్నది అక్క. ఆవిడ రాసింది అప్ప. వాళ్ళ వైపు అక్కను అప్ప అనే పిలుస్తారు. కలిసే గడి అ, ఇద్దరికీ అదే. ఇంకొకదానిలో, జవాబు కోరే మాట, రెండు. నాది ఏమి. ఆవిడది ఏటి. కలిసే గడి ఏ, కింద ఏనుగు. ఏడాది పొడుగునా ప్రతి కాగితంలో నేను కొట్టిన ఒక్క ఎర్రగీతా ఆవిడ నోటి మాట మీదే పడింది. లెక్క తప్పిన చోట ఆవిడ ఊరంతా తిరిగి నా మాట నేర్చుకుంది. లెక్క సరిపోయిన చోట నేను కొట్టేశాను.

"అప్పుడే అడగలేకపోయారా?" అన్నాను. 

"అచ్చులో మీ జవాబు సూసేదాన్ని. సదువుకున్నోళ్ళ మాట అలగే ఉంటాది కామోసు అనీసి ఊరుకున్నాను. ఈపాలి ఊరుకోబుద్ధి కానేదు. ఇంక పుస్తకం రాదంట కదా. ఫోనులో ఒస్తే అది అచ్చు కాదు. నా పేరు అచ్చులో సూసుకోవాలనీసి ఏడాది నుంచి రాస్తన్నాను."

తరువాత మెల్లగా మిగతాది చెప్పింది. భర్త రైల్వేలో పట్టాలు బాగుచేసే గ్యాంగు పని చేసేవాడు, పోయాడు. ఆవిడ కార్పొరేషనులో వీధులూడ్చే పని చేసి రిటైరైంది. ఉద్యోగంలో చేరిన రోజు బెంగాలీ గుమాస్తా పేరడిగితే చెప్పింది. అమ్మ అనేది గౌరవానికి అంటున్నారేమో అనుకుని ఆయన దాన్ని తీసేసి మిగతా మూడక్షరాలే పుస్తకంలో ఎక్కించాడు. ఉద్యోగమంతా ఆ మూడక్షరాల పేరుతోనే గడిచింది. పింఛను కాగితంలోనూ మూడే. కోడలు పక్కింటివాళ్ళకు చెప్పేది కూడా ఆ పేరే. రిటైరయ్యాక వాడలో ఆదివారం పూట పిల్లలకు చెప్పే తెలుగు బడిలో మనవరాలి పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకుంది. వాక్యం చదవాలంటే ఇప్పటికీ తొట్రుపాటు, కానీ గళ్ళు బాగా నచ్చాయి. "గడిలో ఒక్క అచ్చరమే గదా. తొందరపెట్టదు" అంది.

పేరుకు గళ్ళెందుకు గీస్తుందో అప్పుడు అర్థమైంది. ఒక్క అక్షరం కూడా ఎవరూ తీసేయకుండా.

ఆవిడను బస్సు దాకా దిగబెట్టి, నేరుగా మాస్టారి ఇంటికి వెళ్ళాను. ఆయన భోజనమై పడక కుర్చీలో ఉన్నారు. సంగతంతా విని కళ్ళజోడు తుడుచుకున్నారు.

"ప్లేట్లు రేపే అమ్మా. పేజీ నిండిపోయింది, గోరు పట్టే చోటు లేదు."

"ఒక పేరు చేర్చాలి, ఒక సవరణ వేయాలి. రెండు లైన్లు."

"సవరణా? మీరా?" ఆయనకు నవ్వు ఆగలేదు. ఇన్నేళ్ళుగా దాచుకున్న నవ్వు, నవ్వుకోనిచ్చాను. తరువాత ఆయన లెక్కల మాస్టారుగా మారి, "జవాబుల పట్టీ అంటే ఒక్కటే ఉండాలి కదా. రెండు జవాబులూ ఒప్పని వేస్తే ఆ నుడికట్టే చెడినట్టు" అన్నారు.

"చెడింది. అందుకే వేయాలంటున్నాను."

"పేరు మాత్రం చేర్చేస్తే సరిపోదూ? ఎవరడుగుతారు?"

"అప్పుడావిడ సజ్జలు రాసినట్టవుతుంది. ఆవిడ రాసింది గంటెలు."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని పెన్సిలు తీశారు. ఇద్దరం చివరి పేజీ నకలు ముందేసుకుని లైన్లు వెతికాం. అన్నిటికంటే కింద, నింపిన గళ్ళు ఫలానా తేదీలోగా అందాలి అన్న లైను ఉంది. ఇంక వచ్చే అచ్చు సంచికే లేనప్పుడు ఎవరు పంపాలి, ఎక్కడికి పంపాలి. అలవాటు కొద్దీ ఉండిపోయింది. దాన్ని కొట్టేశాం. ఒక లైను దొరికింది. రెండోది దొరకలేదు. గళ్ళను చిన్నవి చేస్తే అంకెలు కనబడవు. ఆధారాల్లో ఒక్క మాట కూడా అదనంగా లేదు, అది నా గొప్పే, ఇప్పుడు నాకే అడ్డం వచ్చింది. చివరికి మాస్టారి పెన్సిలు ఒక లైను దగ్గర ఆగి, అక్కడి నుంచి కదలనంది. గళ్ళ కింద, కుడివైపు, కూర్పు అని ఉండి దాని పక్కన నా పేరు ఉండే లైను.

"ఇది తీయనమ్మా. ఆఖరి సంచిక" అన్నారు.

ఆ పెన్సిలు ఆయన చేతిలో నుంచి తీసుకుని నేనే కొట్టేశాను. బాధేసిందా అంటే వేసింది. పత్రిక రాగానే నేను మొదట చూసుకునేది ఆ లైనే అని ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

మర్నాడు పొద్దున్నే పేజీలు కూర్చే ఆయనకు ఫోన్ చేసి, ఏయే లైన్లు తీయాలో పైనుంచి ఎన్నోవో లెక్కపెట్టి చెప్పాను. కొత్త లైన్లు మాస్టారు టైపు చేసి పంపారు. మొదటిది: సజ్జలు, గంటెలు రెండూ సరైన జవాబులే, పొరపాటు కూర్చినవారిది. రెండోది ఆవిడ పేరు. పేరులో నాలుగో అక్షరం ఉందో లేదో, దాని కింద ఒత్తు పడిందో లేదో తెర మీది బొమ్మ ఫోనుకు పంపించుకుని మూడుసార్లు చూశాను. "దిదీ, ఇంత చూస్తున్నారు, ఇది మీ పేరా?" అని అడిగాడతను. కాదన్నాను.

సంచిక వచ్చాక పోస్టులో వేయలేదు, నేనే పట్టుకెళ్ళాను. టికియాపారాలో ఆవిడ ఇల్లు రైలు పట్టాల పక్క సందులో, ఒకే గది, ముందు చిన్న అరుగు. లోకల్ రైలు వెళ్ళినప్పుడల్లా మాట ఆపాల్సి వస్తుంది. నన్ను చూసి కంగారుపడి చాప పరిచింది. కోడలు మరమరాలు, పచ్చిమిరపకాయ ప్లేటులో పెట్టి తెచ్చింది.

పత్రికను ఆవిడ వెనక నుంచే తెరిచింది. కళ్ళజోడు పెట్టుకుని జాబితాలో వేలు దింపుతూ వచ్చి, ఒకచోట ఆగింది. రైలు పోతోంది. అది పోయేదాకా వేలు అక్కడే ఉంచింది. తరువాత ఒక్కో అక్షరం మీద వేలితో తడుతూ లెక్కపెట్టింది.

"నాలుగూ ఉన్నాయి" అంది. కోడలిని పిలిచి చూపించింది. కోడలికి తెలుగు చదవడం రాదు. "ఇదిగో ఇది అమ్మ" అని ఆ ఆఖరి అక్షరం మీద వేలు పెట్టి చెప్పింది. "దీన్నే వోళ్ళు ఎగరేసినారు."

సవరణ లైను కూడా కూడబలుక్కుని చదివింది. చాలాసేపు పట్టింది, నేను సాయం చేయలేదు. గంటెలు దగ్గరికి వచ్చేసరికి తల ఊపింది. పొరపాటు కూర్చినవారిది అన్నది చదివి నా మొహంలోకి చూసి, మళ్ళీ పేజీలోకి చూసింది. గళ్ళ కింద కుడివైపు వేలు పెట్టి, అటూ ఇటూ వెతికింది.

"మీ పేరేదమ్మా? ప్రతీపాలీ ఇక్కడుండేది."

"చోటు చాల్లేదు" అన్నాను.

ఆవిడ లేచి, అలమారులోంచి మనవరాలి పెన్సిలు, స్కేలు తెచ్చుకుని మళ్ళీ చాప మీద కూర్చుంది. పేజీని మోకాలి మీద పరుచుకుంది.

"మీ పేరు ఎన్ని అచ్చరాలు?"

నేను వేలి కణుపుల మీద లెక్కపెట్టుకున్నాను. సొంత పేరును ఎప్పుడూ లెక్కపెట్టలేదని అప్పుడే తెలిసింది. "అయిదు" అన్నాను.

ఆవిడ స్కేలు పెట్టి, తొందర లేకుండా, అయిదు గళ్ళు గీసింది.